బావ కాపలా కాసిన ప్రింటర్

మా అక్క నా మాటలను సగానికి కోసి వింటుంది. చిన్నప్పటి నుంచీ అంతే. చెరువులో నా ఎత్తు చేపను చూశానంటే, మోచేతి దాకా చూపించి "ఇంతనా?" అనేది. ఇప్పుడు నాకు మీసం నెరిసింది, ఆమెకు మోకాళ్లు అరిగాయి, ఆ కోత మాత్రం ఆగలేదు. ఈ ముక్క ముందే ఎందుకు చెబుతున్నానంటే, కింద రాసినదాన్ని మీరు కోయకుండా చదవాలని. కోయవలసినవి ఒకటీ రెండూ ఉన్నాయి, కాదనను. అవి ఎదురైనప్పుడు మీకే తెలుస్తాయి.

హనుమకొండలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో నా ఉద్యోగం. పిల్లలు పాడుచేసిన యంత్రాలను బాగుచేయడం, బాగుచేసిన వాటిని మళ్లీ వాళ్లకే అప్పగించడం. అక్కడ వస్తువులను ముద్రించే ప్రింటర్లు ఉంటాయి. కాగితం మీద కాదు. ప్లాస్టిక్ దారాన్ని కరిగించి సన్నటి ముక్కులోంచి వదులుతూ, పొర మీద పొర వేసి బొమ్మను నిలబెడతాయి. కాలేజీ కొత్తవి తెచ్చుకున్నప్పుడు ఒక పాతదాన్ని మూలన పడేసింది. దాన్ని అడిగి తెచ్చి కొత్తవాడలో అక్కవాళ్ల ఇంట్లో, మా బావ మంచం పక్కన పెట్టాను.

బావ జంపఖానాలు నేసేవాడు. ఆయన మగ్గం గుంతలో కూర్చుంటే, మగ్గానికే ఊపిరి ఉన్నట్టు ఉండేది. పక్షవాతం వచ్చి ఎడమవైపు మొత్తం పడిపోయింది. మాట ముద్దగా అయింది. మగ్గంలోకి అక్క దిగింది. అదే గదిలో, మగ్గానికి ఎదురుగా మంచం మీద బావ. భార్య నేస్తుంటే రోజంతా చూస్తూ, "పేక వదులైతాంది," "అంచు జూడు" అంటూ ఉండేవాడు. అక్క కొన్నాళ్లు ఓర్చుకుని ఒకరోజు నాకు ఫోన్ చేసింది.

"తమ్మీ, మీ బావకు ఏదన్న పని జూపియ్యిరా. లేకుంటే ఆయన నోటితోటి నేస్తాండు, నేను చేత్తోటి నేస్తాన. ఇద్దరం గలిసి ఒక్క జంపఖానా దించుతలేం."

అలా వచ్చింది ప్రింటర్ ఆ ఇంటికి. బావకు అర్థం కావడానికి ఎంతో సేపు పట్టలేదు. ముక్కు అటూ ఇటూ తిరగడం, కింది పళ్లెం ముందుకూ వెనక్కూ కదలడం కాసేపు చూసి అన్నాడు: "ఇది గూడ నేతనే గద, బామ్మర్ది. పోగు మీద పోగు."

ఖిలా వరంగల్ దగ్గర బొమ్మలు అమ్మే ఒక దుకాణాయన, కోటలోని రాతి తోరణాల నమూనాలో చిన్న చిన్న తోరణాలు కావాలన్నాడు. బావ కుడి చేత్తో ఫోన్ నొక్కి ప్రింటర్‌కు పని చెప్పేవాడు. పూటంతా నడిస్తే ఒక తోరణం నిలబడేది. ఆయనకు హుషారు రావాలని నేనొక కథ కట్టాను. నువ్వు చేసిన తోరణాన్ని ఎవడో కోటలో గడ్డి మధ్య మరిచిపోయాడనీ, తెల్లారి చూస్తే దాని చుట్టూ కంచె వేసి, ముట్టుకోవద్దని బోర్డు పెట్టి ఉందనీ చెప్పాను. బావ సగం నోటితో నవ్వాడు. అక్క మాత్రం, "బోర్డు తీసెయ్, కంచె తీసెయ్. గడ్డి ఉంచుతా," అంది.

ఆ నవ్వులు చూసి నాకు తృప్తిగా ఉండేది. కానీ ఇంటికి పోతున్నప్పుడు సుబేదారి దాకా ఒకటే ఆలోచన. ఆ గదినిండా పత్తి. నూలు కట్టలు, మగ్గం మీద పడుగు, నేస్తుంటే గాలిలో తేలి గోడలకు, దూలానికి, ఫ్యాను రెక్కలకు అంటుకునే మెత్తటి నూగు. దాని మధ్య రెండు వందల డిగ్రీల వేడితో నడిచే యంత్రం. ఆ యంత్రం పక్కన, ఇంకొకరు చేయి ఇస్తే తప్ప లేవలేని మనిషి.

ఒక ఆదివారం పనిముట్ల సంచీ తీసుకుని వెళ్లాను. "ఇయ్యాల దీనికి పరీక్ష," అన్నాను.

"పాసైతదా?" అంది అక్క.

పరీక్ష ఇది. ప్రింటర్ ముక్కును కాల్చే హీటర్ ఒకటి ఉంటుంది. ఎంత కాలిందో చెప్పే సెన్సార్ ఇంకొకటి, ఆవగింజంత. లోపలి బోర్డుకు కళ్లు లేవు. ముందు గదిలో కూర్చుని, పొయ్యి కాడ ఉన్న మనిషిని "పాలు కాగినయా?" అని అడుగుతూ మంట పెంచే ముసలమ్మ లాంటిది అది. పొయ్యి కాడి మనిషి పెరట్లోకి పోయి నిలబడి "ఇంకా సల్లగనే ఉన్నయ్" అంటుంటే, ముసలమ్మ మంట పెంచుతూనే ఉంటుంది. సెన్సార్ తన చోటునుంచి జారితే అదే జరుగుతుంది. ముక్కు ఎర్రగా కాలినా బోర్డుకు తెలియదు. అందుకని బోర్డులోని ప్రోగ్రాముకు ఒక అనుమానం నేర్పుతారు. ఇంతసేపు వేడి ఇస్తున్నాను, లెక్క ఎందుకు పెరగడం లేదు? ఎక్కడో తప్పుంది, అన్నీ ఆపేస్తాను అని. ఆ అనుమానం లేని పాత యంత్రాలు చాలా ఉన్నాయి.

ప్రింటర్ ఆపి, ప్లగ్ పీకి, హీటర్ వైరు ఊడదీశాను. మళ్లీ ఆన్ చేసి వేడెక్కమని చెప్పాను. హీటరే లేదు కాబట్టి వేడెక్కే ప్రసక్తే లేదు. తెలివైనదైతే కాసేపటికి గోల చేసి ఆగిపోవాలి. మేం ముగ్గురం తెర వైపు చూస్తూ కూర్చున్నాం. గది ఎంత వేడిగా ఉందో అంతే చూపిస్తోంది. అక్క చాయ్ పెట్టుకొచ్చింది. తాగాం. అదే అంకె. గోల లేదు.

"పాపం, ఎంత ఓపికరా దీనికి," అంది అక్క.

"ఓపిక కాదక్కా, మొద్దుతనం. దీనికి అనుమానమే లేదు."

"మీ బావకున్నది జర తీసి దీంట్ల పెట్టు. ఆయనకు మస్తున్నది."

ల్యాబు నుంచి తెచ్చిన లాప్‌టాప్ కలిపి, కాపుదల ఉన్న కొత్త ప్రోగ్రామును బోర్డులోకి ఎక్కించాను. మళ్లీ అదే పరీక్ష. ఈసారి చాయ్ దాకా పోలేదు. కీచుమని అరిచింది, వేడెక్కడం లేదని తెర మీద రాసింది, అన్నీ ఆపేసుకుని కూర్చుంది. స్విచ్ ఆపి మళ్లీ వేసేదాకా ఉలకలేదు, పలకలేదు. కింది పళ్లేనికీ వేరే హీటర్ ఉంటుంది. దానికీ అదే పరీక్ష చేశాను. అదీ పాసైంది.

బావ ముఖం వెలిగింది. "ఇగ ఫికర్ లేదు. అదే జూసుకుంటది."

"వేడినే చూస్తుంది బావా. వైరును చూడదు. అతుకు వదులైనా, వైరు కాలినా దానికి తెలవదు. అది మనమే చూడాలె."

ఆ మాట అన్నాను. ఎలా అన్నానో కూడా గుర్తుంది. స్క్రూడ్రైవర్ నోట్లో పెట్టుకుని, వైర్ల మీదికి వంగి అన్నాను. వెంటనే ఇంకొక కథ మొదలుపెట్టాను, మా ల్యాబులో ఒక ప్రింటర్ వేడికి ప్రిన్సిపాల్ జొన్నరొట్టె కాల్చుకున్నాడని. అందరం నవ్వాం.

ఇంటి కరెంటు పనికి ఆ గల్లీ ఎలక్ట్రీషియన్‌ను పిలిచాం. ప్రింటర్ పెట్టిన ప్లగ్గుకు ఎర్త్ లేదు. సాకెట్ వెనకాల మసి. ఆయన దాన్ని పీకి కొత్తది వేశాడు, ఎర్త్ తెచ్చాడు, విడిగా ఒక ట్రిప్ స్విచ్ పెట్టాడు. ప్రింటర్ పవర్ పెట్టె నేను తెరిచాను. స్క్రూల కింద వైరు కొసలకు సీసం పూసి బిగించి ఉన్నాయి. సీసం మెత్తన. బిగించినప్పుడు గట్టిగానే ఉంటుంది, నెలలు గడిచేకొద్దీ అణిగి వదులవుతుంది. వదులైన చోట వేడి. ఒక కొస గోధుమ రంగుకు తిరిగి ఉంది. అన్నీ కోసి, ఇత్తడి తొడుగులు నొక్కి మళ్లీ బిగించాను.

"పన్నెండు వోల్టులేనాయె, ఇంత పట్టింపు ఎందుకు సార్?" అన్నాడు ఎలక్ట్రీషియన్, నన్ను ఉడికించడానికి.

"వోల్టులు తక్కువున్నకొద్దీ కరెంటు ఎక్కువ పారాలె గదన్నా. ఆ పళ్లేనికి పోయే వైరు ఒక్కటి, ఈ ఇంట్ల ఫ్యానూ లైట్లూ గలిపి తాగేదానికన్నా ఎక్కువ ఆంపియర్లు మోస్తది."

"అది నాకెరుకే. మీకెరుకనా లేదా అని," అని నవ్వాడు.

పొగ అలారం నేనే తెచ్చాను. తెల్లగా, గుండ్రంగా, జొన్నరొట్టె అంత. ప్రింటర్‌కు, మంచానికి మధ్య పైకప్పుకు బిగించి, పరీక్ష బటన్ నొక్కాను. ఆ కూతకు పక్కింటి పవర్‌లూమ్ షెడ్డులోని ఆయన పరుగెత్తుకొచ్చాడు. మరమగ్గాల చప్పుడులో మనిషి అరిచినా వినబడని షెడ్డు అది. ఆ సన్నటి కూత మాత్రం వాటి మధ్యలోంచి సూదిలా దూరి పోయింది. "ఏందన్నా, ఏం పిట్టను తెచ్చిన్రు?" అన్నాడు. మంచిదే అనుకున్నాను.

చివరికి మిగిలింది ఒక్క మాట. దాన్ని ఎలా చెప్పాలో తెలియక నూలు కట్టలను అవతలి గదిలోకి మోశాను, ప్రింటర్ కింద చప్పుడు రాకుండా అక్క పరిచిన పాత జంపఖానాను తీసేసి నాపరాయి పెట్టాను. ఇక చేయడానికి ఏమీ లేక చెప్పాను.

"మనిషి లేకుండ దీన్ని నడిపియ్యద్దు. అక్క బయటికి పోతే ఆపెయ్యాలె."

బావ నన్ను చూశాడు. "నేనుంట గద."

"నువ్వుంటవు బావా, కాని…"

"కాని ఏంది? నేను మనిషిని గాదా?"

అక్క మగ్గం గుంతలోంచి తల ఎత్తలేదు. నా నోటికి అబద్ధాలు అలవాటే కానీ, అప్పుడు ఒక్కటీ అందలేదు. నడిమధ్య దారి వెతికాను. ప్రింటర్‌కు పోయే కరెంటును బావ మంచం పక్కకు తెచ్చి, కుడి చేతికి అందేలా ఒక స్విచ్ పెట్టించాను. తేడా వస్తే నొక్కితే చాలు, యంత్రానికి కరెంటు ఆగిపోతుంది. బావ దాన్ని వేస్తూ, ఆపుతూ చూసుకున్నాడు. ఆ రోజు నుంచి ఆయన యంత్రానికి కాపలాదారు. అక్క బజారుకు పోతూ, "ఇగో, నువ్వున్నవ్ గద, జూసుకో," అనేది. ఆయన తల ఊపేవాడు. పక్షవాతం వచ్చాక ఆ ఇంట్లో ఒక పని ఆయన మీద వదిలేసి వెళ్లడం అదే మొదలు.

అలారం వచ్చిన కొత్తలో ప్రతి శుక్రవారం ఒక పంచాయితీ. అక్క మగ్గానికి సాంబ్రాణి పొగ వేస్తుంది. వాళ్ల అత్త వేసేది, ఆమె అత్త వేసేది. పొగ లేవగానే కప్పు మీది పిట్ట కూత అందుకునేది. అక్క ఒక జంపఖానా గుడ్డ ముక్కతో, అంచుకు రబ్బరు పెట్టి, దానికి టోపీ కుట్టింది. శుక్రవారం పొద్దున టోపీ తొడగడం, పొగ పోయాక కర్రతో తీసేయడం. ఆ టోపీ మీద చిన్న నెమలి కూడా ఉంది. నేను చూసి, "దీనికి పెండ్లి చేస్తున్నవా?" అన్నాను. వద్దు అని కూడా అన్నాను. "పొగ పోంగనే తీస్తాన గదరా," అంది. తీసేది కూడా.

చలికాలం వచ్చేసరికి కింది పళ్లేనికి పోయే వైరు తెగింది. తప్పు ఎవరిదీ కాదు. పళ్లెం ముందుకు, వెనక్కు కదిలినప్పుడల్లా దాంతోపాటు ఆ వైరు వంగుతుంది. లోపలి రాగి పోగులు ఒక్కొక్కటే విరిగి చివరికి మొత్తం తెగింది. పళ్లెం వేడెక్కలేదు. కొత్త ప్రోగ్రాము తనకు నేర్పిన పని సరిగ్గా చేసింది. అరిచింది, రాసింది, ఆగిపోయింది.

నేనప్పుడు కాలేజీ పిల్లల వెంట హైదరాబాదులో ఒక ప్రదర్శనలో ఉన్నాను. బావ ఫోన్ చేశాడు.

"ముట్టుకోకుండ్రి బావా. ఎక్కడో వైరు తెగింది. నేనొచ్చి మొత్తం వైరు మారుస్త," అన్నాను.

"తెగింది కండ్లకు కనవడ్తనే ఉన్నది."

"కనపడ్డా సరే."

ఆ తర్వాత వాళ్లిద్దరూ ఏం చేశారో నాకు అక్క చెప్పింది. చాలా రోజుల తర్వాత చెప్పింది. దుకాణాయన తోరణాల కోసం మనిషిని పంపాడట. ఇచ్చిన మాట తప్పుతానేమోనని బావకు దిగులు. తెగిన వైరును చేతిలోకి తీసుకుని చూస్తే, లోపల సన్నటి రాగి పోగులు. ఆయనకు నవ్వొచ్చిందట. "పోగులే గదనే," అన్నాడట.

పాత పడుగు అయిపోతున్నప్పుడు కొత్త పడుగును దాని కొసలకు అతుకుతారు. రెండు పోగుల కొసలను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, కొద్దిగా బూడిద అద్ది, ఒక్క మెలిక తిప్పితే చాలు, ముడి అక్కర్లేదు, అంటుకుపోతాయి. ఆ పని అక్క చేస్తుంటే చూడాలి. వేళ్లు కదలడం కనబడదు. ఆమె అతికిన పోగు మగ్గం మీద ఊడిందని ఎవరూ అనలేదు.

బావ మంచం మీద తన కుడి చేత్తో వైరును పట్టుకున్నాడు. అక్క పక్కన కూర్చుంది. రాగి పోగులను చిన్న చిన్న పాయలు చేసి, పాయకు పాయ కలిపి, చిప్పలోని బూడిద అద్ది, తిప్పింది. "ఇంక జర," "ఆ, సాలు," అంటూ బావ. పైన నల్ల టేపు చుట్టింది. లాగి చూస్తే కదలలేదు. వైరు తొడుగులోకి జరిపితే అతుకు ఎక్కడుందో కూడా తెలియలేదు. పక్షవాతం వచ్చిన రెండేళ్లకు వాళ్లిద్దరూ కలిసి ఒక అతుకు అతికారు. "ఆ దినం మీ బావ పాట గూడ పాడిండురా," అంది అక్క.

ప్రింటర్ ఆన్ చేశారు. పళ్లెం వేడెక్కింది. యంత్రం ఒప్పుకుంది. తప్పును పట్టుకుని ఆగిన యంత్రమే ఇప్పుడు మళ్లీ నడుస్తోందంటే, అతుకు మంచిదనే కదా. వాళ్లు అలాగే అనుకున్నారు. నాకు ఫోన్ చేసి, "అయింది, బాగైంది. నువ్వచ్చినంక జూడు," అన్నాడు బావ.

శుక్రవారం నాడు నేను తిరుగు బస్సులో ఉన్నాను. పొద్దున అక్క సాంబ్రాణి వేసింది. టోపీ తొడిగింది. చేనేత సొసైటీలో జంపఖానాలు అప్పగించి నూలు తెచ్చుకోవాలి. ఆటో వచ్చి గల్లీలో హారన్ కొట్టింది. టోపీ నెత్తి మీద నెమలితో అలాగే ఉండిపోయింది.

"ఇగో, నువ్వున్నవ్ గద," అంది అక్క. ఆయన తల ఊపాడు.

తర్వాతది బావ చెప్పిన ముక్కలు, పక్కింటాయన చెప్పిన ముక్కలు, నేను చూసిన బూడిద కలిపి రాస్తున్నాను.

పళ్లెం ముందుకు, వెనక్కు కదులుతోంది. అతుకు పక్కన రాగి పోగులు మళ్లీ ఒక్కొక్కటే విరుగుతున్నాయి. మిగిలిన వాటి మీద బరువు పెరుగుతోంది. బూడిద కూరుకున్న మెలిక వేడెక్కుతోంది. వైరు తొడుగు నిండా మగ్గం నూగు. తెర మీద మాత్రం అన్ని అంకెలూ సరిగ్గా ఉన్నాయి. పళ్లెం ఎంత వేడి ఉండాలో అంతే. బావ తెరనే చూస్తున్నాడు. కాపలా అంటే తెరను చూడడమని అనుకున్నాడు.

ముందు వాసన వచ్చింది. తర్వాత యంత్రం వెనక నుంచి సన్నటి పొగ. బావ స్విచ్ నొక్కాడు. ఏమాత్రం ఆలస్యం చేయలేదు. యంత్రం ఆగింది. తెర ఆరిపోయింది. కానీ నూగు అప్పటికే అంటుకుంది, దానికి కరెంటుతో పని లేదు. పైన చుట్ట చుట్టి ఉన్న ప్లాస్టిక్ దారం అంటుకుని చుక్కలు చుక్కలుగా రాలింది. కింద నాపరాయి, దాని మీద పడ్డవి ఆరిపోయాయి. కానీ నూగు పడకుండా యంత్రానికి, మగ్గానికి మధ్య అక్క ఒక పాత చీర కట్టింది. అది నేను పరీక్ష చేసిన రోజు లేదు. చీరకు అంటుకుంది. చీర నుంచి పడుగుకు.

బావ అరిచాడు. ముద్ద మాట, పక్కన మరమగ్గాలు. ఎవరు వింటారు? పొగ కప్పు కింద పరుచుకుంటోంది. కప్పుకు పిట్ట ఉంది, పిట్టకు టోపీ ఉంది. కర్ర గుమ్మం పక్కన ఉంది.

ఇక ఇప్పుడు చెప్పేది నేను కల్పించిన కథ అయితే బాగుండేది. కల్పించేవాడినే అయితే ఇలాగే కల్పించేవాడిని, అందుకే మా అక్క కూడా ముందు నమ్మలేదు. మంచం పక్కన గంపలో దుకాణానికి పోవలసిన తోరణాలున్నాయి. బావ పడుకునే, కుడి చేత్తో ఒక్కొక్క తోరణం తీసి ఆ టోపీ మీదికి విసిరాడు. తగలలేదు. మళ్లీ విసిరాడు. పొగలో కప్పు సరిగ్గా కనబడక ఊహ మీద విసిరాడు. దగ్గు ముంచుకొస్తుంటే విసిరాడు. గంపలో అడుగు చేయికి తగిలే వేళకు టోపీ ఒక పక్కకు ఒరిగింది. పిట్ట కూసింది.

పక్కింటాయన ఆ కూతను ఎరిగినవాడే. పరుగెత్తుకొచ్చి బయట మెయిన్ ఆపి, తలుపు తోసి, నేల మీద పాకుతూ వచ్చాడు. బావను ఎత్తడం ఒక్కడి వల్ల కాలేదు. ఆయన కింద పరిచిన జంపఖానాను రెండు కొసలూ పట్టుకుని మంచం మీంచి కిందికి లాగి, నేల మీద ఈడ్చుకుంటూ గల్లీలోకి తెచ్చాడు. అది బావ తన చేత్తో నేసినదే. గల్లీ వాళ్లు బిందెలతో, ఇసుకతో మంట ఆర్పారు. అప్పటికి మగ్గం సగం కాలింది.

అక్క నూలు కట్ట ఒళ్లో పెట్టుకుని ఆటో దిగేసరికి బావను దవాఖానకు తీసుకుపోయారు. ఇంటి ముందు నీళ్లు, నల్లటి బూడిద, వాటిలో కాళ్ల కింద నలిగిన తోరణాలు. ఆమె వాటిని తప్పించుకుంటూ నడిచిందట. ఒక్కదాన్ని కూడా తొక్కలేదని పక్కింటాయన చెప్పాడు.

నేను దవాఖానకు వెళ్లేసరికి బావ ముక్కుకు ఆక్సిజన్ ఉంది. నన్ను చూసి కుడి చేయి ఎత్తి బొటనవేలు కిందికి నొక్కి చూపించాడు. స్విచ్ నొక్కాను అని. నేను తల ఊపాను. మళ్లీ చూపించాడు. డాక్టర్ వచ్చి చేయి కిందికి దించేదాకా అదే చూపిస్తూ ఉన్నాడు.

మరునాడు అక్కా నేనూ ఆ గదిలోకి వెళ్లాం. యంత్రం వంగిపోయి ఉంది. పళ్లేనికి పోయే వైరు కాలిన చోట రాగి ముద్ద కట్టి ఉంది. ఆ వైరు జతలో రెండోది కూడా నలిగి తెగేలా ఉందని, దాన్ని కూడా కోసి అప్పుడే అతికారట. అది సగం మిగిలింది. టేపు విప్పాను. లోపల మెలిక చెక్కుచెదరలేదు. పాయకు పాయ, బూడిద రంగులో, నేను పుట్టి ఎరగనంత అందంగా ఉంది.

అక్క చూసింది. "నా చేతిదే," అంది.

నేను దాన్ని ఆమె చేతిలో పెట్టాను.

"ఊడలే గదరా. గట్టిగనే ఉన్నది గద."

"గట్టిగనే ఉన్నదక్కా. పోగు లాగుడుకు ఆగితే సాలు. ఇది కరెంటు మోయాలె. ఊడకున్నా కాలుతది."

ఆమె దాన్ని రెండు చేతులతో పట్టుకుని లాగి చూసింది. ఊడలేదు. ఇంకా గట్టిగా లాగింది. తర్వాత కింద పెట్టి, చీర కొంగుతో వేళ్లకు అంటిన మసి తుడుచుకుంది.

"నువ్వు ఆనాడు చెప్పినవ్, వైరును అది చూడదని. నాకు యాదికున్నది. గదే తీర్గ రొట్టె కాల్చుకున్న ముచ్చట గూడ చెప్పినవ్. ఏది కోసి ఏది ఉంచిన్నో…" అంది.

బావ బతికాడు. ఊపిరితిత్తులు మాత్రం సగమే తిరిగి వచ్చాయి. నాలుగు మాటలకు ఒకసారి ఆగి గాలి తీసుకుంటాడు. మగ్గాన్ని బాగుచేయించవచ్చని వడ్రంగి అన్నాడు. కానీ అక్క మళ్లీ గుంతలో దిగలేదు. ఇల్లు గడవాలి. చాలా రోజులు ఎవరూ ఎత్తని మాటను చివరికి బావే ఎత్తాడు. ఇంకొక ప్రింటర్ తెమ్మన్నాడు.

తెచ్చాను. ఈసారి ముందు గదిలో, ఒక్క గుడ్డ పీలిక లేని చోట, రాయి మీద. పళ్లెం వైరు అతుకులు లేని ఒకే ముక్క, వంగడానికి తయారైన మెత్తటి రకం. నెలకోసారి ఎలక్ట్రీషియన్ వచ్చి స్క్రూలు బిగిస్తాడు, వైరును వేళ్ల మధ్య నలిపి చూస్తాడు. కాపుదల పరీక్ష నేను వచ్చినప్పుడల్లా చేస్తాను. వైరు తెగితే కొత్త వైరే. బూడిద చిప్పను అక్క తనంతట తానే బయట పారేసింది. అలారాలు రెండు. సాంబ్రాణి ఇప్పుడు వాకిట్లో. టోపీ ఎక్కడ పోయిందో నేను అడగలేదు.

మొదటి తోరణం మొదలుపెట్టిన రోజు నేనక్కడే ఉన్నాను. రెండు స్తంభాలు లేచాయి. పైన అడ్డ దూలం ఇంకా పడలేదు. అక్కకు దవాఖానకు పోయి బావ మందులు తేవాల్సిన పని. నాకు కాలేజీ. అక్క చెప్పులు వేసుకుని, గుమ్మంలో ఆగి, అలవాటు కొద్దీ అంది:

"ఇగో, నువ్వున్నవ్ గద."

అన్న వెంటనే ఆమె ముఖం పాలిపోయింది. నేను యంత్రం వైపు చూశాను, బావ వైపు చూడలేక.

బావ గాలి తీసుకున్నాడు. "ఆపి పో," అన్నాడు.

"సగం అయింది గద. ఇప్పుడాపితే పాడైతది…"

"పాడు గానీ." మళ్లీ ఆగాడు. "నేనున్న లెక్క గాదు. నన్ను మనుషుల లెక్కల పట్టకు."

అక్క గుమ్మంలో అలాగే నిలబడింది. నాకు ఒక కథ చెప్పాలనిపించింది. కంచె గురించో, బోర్డు గురించో, ఏదో ఒకటి. నోరు తెరిచాను కూడా. బావ నన్ను చూసి తల అడ్డంగా ఊపాడు.

అక్క లోపలికి వచ్చి స్విచ్ ఆపింది. ముక్కు చల్లారేదాకా చెప్పులతోనే అక్కడ నిలబడింది. తర్వాత ప్లగ్ కూడా పీకింది. అప్పుడు వెళ్లింది.

ఇప్పటికీ అంతే. ఆమె బయటికి పోవాల్సినప్పుడల్లా యంత్రం ఆగుతుంది. సగంలో ఆగినవి మళ్లీ మొదలవవు. దూలం లేని స్తంభాల జతలు కిటికీలో వరుసగా నిలబడి ఉంటాయి. అక్క గల్లీ మలుపు దాకా పోయాక కూడా, లోపలినుంచి బావ ఆ ముద్ద మాటతో అడుగుతాడు, "ఆపినవా?" అని. ఆమెకు వినబడదు. ఆమె పోవడం చూసి ముందే మరమగ్గాలు ఆపి ఉంచిన పక్కింటాయన, షెడ్డు తలుపులోంచి జవాబు చెబుతాడు:

"ఆపింది, అన్నా."